కొత్త ఉద్యోగుల బడ్జెట్: సీటీసీలు కూడితే సరిపోదు

ప్రశ్న: తిరుపతిలో ఎంబీఏ హెచ్‌ఆర్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్. నలుగురు క్వాలిటీ ఇంజనీర్లను తీసుకోవడానికి బడ్జెట్ వేసుకు రమ్మన్నారు. ఒక్కొక్కరికి 4,80,000 సీటీసీ, మొత్తం 19,20,000 అని రాసిచ్చాను. 'ఇది బడ్జెట్ కాదు' అని తిప్పి పంపారు. ఎక్కడ తప్పింది?

జవాబు: మీ కూడిక తప్పు కాదు. కానీ ఆ అంకె వచ్చే ఏడాదిది. వాళ్లకు కావాల్సింది మార్చి 31 లోపు బయటికి వెళ్లే డబ్బు.

అందుకే ముందు ఎవరు ఏ నెలలో చేరతారో అడగండి. ఇద్దరు జులై 1న, ఇద్దరు అక్టోబర్ 1న అనుకుందాం. మొదటి ఇద్దరికి తొమ్మిదేసి నెలలు, తర్వాతి ఇద్దరికి ఆరేసి నెలలు, కలిపి 30 నెలల జీతం. నెలకు 40,000 చొప్పున 12,00,000 అవుతుంది. ఎక్సెల్‌లో చేరే తేదీ B2లో ఉంటే నెలలు ఇలా వస్తాయి:

```
=DATEDIF(B2,DATE(2027,4,1),"m")
```

ఇది నిండు నెలలనే లెక్కపెడుతుంది. నెల మధ్యలో చేరేవాళ్ల మిగతా రోజులు మీరే కలుపుకోవాలి. ఇంకో మాట, మీకు చెప్పిన 40,000 సీటీసీనా, గ్రాసా అని తేల్చుకోండి. సీటీసీ అయితే కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ మామూలుగా అందులోనే ఉంటాయి, మళ్లీ కలపకూడదు. గ్రాస్ అయితే వాటిని పైన వేయాలి.

ఇక కన్సల్టెన్సీ ఫీజు. చాలామంది తడబడేది ఇక్కడే. జీతం ఆరు నెలలదే కదా అని ఫీజునూ సగం చేసేస్తారు. ఫీజు ఏడాది సీటీసీ మీద ఉంటుంది. 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, మన దగ్గర తరచూ వినిపించే రేటు. అక్టోబర్‌లో చేరినా, ఫిబ్రవరిలో చేరినా అదే 40,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 7,200. బిల్లు సాధారణంగా మనిషి చేరాకే వస్తుంది కాబట్టి చేరిన నెలలోనో, ఆ తర్వాతి నెలలోనో మొత్తం ఒకేసారి వేయండి. ఇద్దరిని కన్సల్టెన్సీ ద్వారా తీసుకుంటే 94,400. మిగతా ఇద్దరు ఉద్యోగుల రిఫరల్‌తో వస్తే, తలా 10,000 బోనస్ అనుకుంటే 20,000. జీఎస్టీ క్రెడిట్ వస్తుందా అన్నది అకౌంట్స్ వాళ్లను అడగండి. వస్తే ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది.

అగ్రిమెంట్‌లో రీప్లేస్‌మెంట్ క్లాజ్ కూడా చదవండి. 60 లేదా 90 రోజుల్లో మానేస్తే ఇంకొకరిని ఇస్తారే తప్ప డబ్బు వెనక్కి ఇవ్వడం అరుదు. కొత్త మనిషికి మెడికల్ టెస్టు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, ఇండక్షన్ మళ్లీ మొదటి నుంచే. తలకు 6,000 చొప్పున నలుగురికి 24,000 పెట్టుకున్నారంటే, ఒకరు మానేసినా అది చాలదు.

సామాన్లను రెండుగా విడదీయండి. సేఫ్టీ షూస్, యూనిఫాం, ఐడీ కార్డు తలకు 5,000 అనుకుంటే 20,000, ఇది మామూలు ఖర్చు. ల్యాప్‌టాప్‌లు 55,000 చొప్పున 2,20,000 మాత్రం క్యాపిటల్ బడ్జెట్‌లోకి వెళ్తాయి. ఆ ఆమోదం వేరు, కొనుగోలుకు పట్టే టైమూ వేరు. మనిషి వచ్చి వారం రోజులు పక్కవాడి సిస్టమ్ దగ్గర కూర్చున్నాడంటే, ఎవరో ఈ లైన్ ఆలస్యంగా పెట్టారన్నమాట.

అన్నీ కలిపితే మామూలు ఖర్చు 13,58,400, క్యాపిటల్ 2,20,000. మొత్తం 15,78,400. మీరు రాసిన 19,20,000 కంటే తక్కువే, కానీ దీన్ని ఒంటరిగా చూపించకండి. పక్కనే 'వచ్చే ఏడాది పూర్తి జీతం 19,20,000, ఇంక్రిమెంట్లు అదనం' అని ఒక గడి పెట్టండి. ఈ ఏడాది తక్కువగా కనిపించిందని ఒప్పుకున్న మేనేజ్‌మెంట్, ఏప్రిల్‌లో జీతాల పద్దు చూసి హెచ్‌ఆర్‌నే నిలదీస్తుంది.

చివరిగా చేరే తేదీలు. శ్రీపెరుంబుదూర్ వైపు పనిచేస్తున్నవాళ్లకు నోటీస్ పీరియడ్ 60, 90 రోజులు ఉండొచ్చు. జూన్‌లో ఆఫర్ ఇచ్చి జులై 1 అని రాస్తే అది కోరికే. మన వాళ్లలో 'ఆషాఢం పోయాక చేరతాను సార్' అనేవాళ్లూ ఉంటారు, నవ్వకండి, ఆ నెలా లెక్కలోకి రావాల్సిందే. అక్టోబర్ ఇద్దరూ ఒక నెల ఆలస్యమైతే జీతంలో 80,000 మిగిలినట్టు కనిపిస్తుంది. అదే నెలలో లైన్‌లో ఉన్నవాళ్లకు ఓవర్‌టైమ్ ఎంత ఇచ్చారో ప్రొడక్షన్‌ను అడిగి, ఆ అంకె తెలిశాకే మిగులు అని రాయండి.

ఇలా మార్చిన షీట్‌లో ప్రతి రేటు పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: పాత కన్సల్టెన్సీ బిల్లు, ల్యాప్‌టాప్ కొటేషన్, ల్యాబ్ రేటు. నేను ఇక్కడ వేసినవి ఉదాహరణకే, మీ కంపెనీ రేట్లు అకౌంట్స్‌లో దొరుకుతాయి.