హైదరాబాద్ మాత్రలు, అమెరికా మూలిక

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. డిసెంబరులో మావారి దగ్గరికి మిషిగన్ వెళ్తున్నాను. గర్భం రాకుండా మాత్రలు, డిప్రెషన్‌కి ఇక్కడి డాక్టరు రాసిన అమిట్రిప్టిలిన్ వాడుతున్నాను. అక్కడి చలికాలంలో దిగులు ఎక్కువవుతుందట. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక మాత్రలు వేసుకోమని మా ఆడపడుచు చెబుతోంది. మూలికే కదా, వేసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. మీరు వాడుతున్న రెండు మందులనూ అది నీరుగార్చేస్తుంది. నేను ఇక్కడ అమెరికాలో చాలా ఏళ్లుగా ఫార్మసీ కౌంటర్‌లో పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఈ మొక్కలో హైపర్‌ఫోరిన్ అనే పదార్థం ఉంటుంది. మందుల్ని విరిచి బయటికి పంపే ఎంజైములను లివరూ పేగులూ మామూలు కంటే ఎక్కువగా తయారు చేసేలా అది చేస్తుంది. అప్పుడు మీ మాత్రలోని హార్మోన్లు ఒంట్లో నిలవాల్సినంతసేపు నిలవవు. అమిట్రిప్టిలిన్ మోతాదు కూడా రక్తంలో సుమారు ఐదో వంతు పడిపోతుంది. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు, పూర్తిగా ముదరడానికి రెండు వారాలు పడుతుంది. మొదటి వారం ఏమీ తేడా కనిపించదు కాబట్టి ‘నాకు పడింది’ అనుకుంటారు.

మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఊరు ఎల్బీ నగర్, మందులు మీవే. నవంబరు మొదట్లో మూలిక మొదలుపెట్టింది. నెలాఖరుకి రెండు నెలసరుల మధ్యలో రక్తపు మరకలు కనబడ్డాయి. మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు కాబట్టి టెన్షన్ వల్లేమో అనుకుని ఊరుకుంది. నిద్ర చెడింది, దిగులు మళ్లీ వచ్చింది. మందు పనిచేయట్లేదని ఇక్కడి డాక్టరు అమిట్రిప్టిలిన్‌ని 50 మిల్లీగ్రాముల నుంచి 75కి పెంచారు. మూలిక సంగతి ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. జనవరిలో ఆ సీసా అయిపోయింది, మళ్లీ కొనలేదు. రెండు వారాలు తిరిగేసరికి ఎంజైములు మామూలు స్థాయికి వచ్చేశాయి, పెంచిన మోతాదు మాత్రం అలాగే ఉంది. నోరెండిపోవడం, పగలంతా మగత, గుండె దడ. అప్పుడు కౌంటర్ దగ్గర ఒక్కొక్కటే అడుగుతుంటే అసలు విషయం బయటపడింది. డాక్టరు మోతాదు తగ్గించారు. గర్భ పరీక్ష చేయిస్తే అదృష్టవశాత్తూ నెగటివ్ వచ్చింది.

మా కంప్యూటర్ ఇది ఎందుకు పట్టుకోలేదంటారా? మూలికను అమెరికాలో ఆహార సప్లిమెంట్‌గా, చీటీ లేకుండా అమ్ముతారు. గర్భనిరోధక మాత్రలేమో హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నవి. రెండూ మా రికార్డులోకి ఎక్కవు, ఎక్కని మందు గురించి హెచ్చరికా రాదు. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

మరకలు కనిపిస్తే మాత్ర బలం తగ్గిందనడానికి గుర్తే, కానీ కనిపించలేదని ధీమాగా ఉండకూడదు. మనవాళ్లు సూట్‌కేసులో వేసుకొచ్చే 72 గంటల మాత్ర బలాన్నీ ఈ మూలిక తగ్గిస్తుంది. అలాంటి అవసరం పడితే కలయిక తర్వాత ఐదు రోజుల లోపు కాపర్-టి వేయించుకోవడమే నమ్మకమైన దారి. కాపర్-టి మీద దీని ప్రభావం ఉండదు.

మీ స్నేహితుల్లో ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు వాడేవాళ్లుంటే వాళ్లకు ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. మందూ మూలికా రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్నే పెంచుతాయి, అది మరీ ఎక్కువైపోవచ్చు. వణుకు, చెమటలు, జ్వరం, విపరీతమైన ఆందోళన మొదలైతే డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఎవరైనా ఇప్పటికే ఈ మూలిక వాడుతుంటే ఆపే ముందు డాక్టరుకు చెప్పండి, డిప్రెషన్ మందును మాత్రం సొంతంగా మానేయకండి. మూలిక ఆపాక కూడా 28 రోజులు కాండోమ్ వాడాలి. మన హోమియో షాపుల్లో హైపెరికం మదర్ టింక్చర్ పేరుతో దొరికేదీ ఈ మొక్కతో చేసిందే, అది వాడుతున్నా చెప్పాలి.

ఇక మీ ప్రయాణం సంగతి. మందులు సాధారణంగా మూడు నెలలకు మించకుండా, స్ట్రిప్పులు విప్పకుండా తెచ్చుకోండి. ఇండియా బ్రాండ్ పేర్లు ఇక్కడెవరికీ తెలియవు కాబట్టి ప్రతి మందుకూ అసలు పేరు, మిల్లీగ్రాములు రాయించిన ప్రిస్క్రిప్షన్ మీ డాక్టరు దగ్గర తీసుకోండి. చలికాలపు దిగులు గురించి కూడా ఆయనతోనే ఇప్పుడే మాట్లాడండి. దిగాక ఏదో ఒక ఫార్మసీకి వెళ్లి, అక్కడ కొనకపోయినా సరే, ఆ చీటీలోవన్నీ మీ పేరు మీద ఎక్కించమని అడగండి. డబ్బులేమీ తీసుకోరు.