ఆరో చీర దాకా కూలి గిట్టదు

ప్రశ్న: మాది పుట్టపాక దగ్గర పల్లె. రెండు మగ్గాల మీద సేటు ఇచ్చిన పట్టుతో ఇక్కత్ చీరలు కూలికి నేస్తాం. ఏడు చీరల పడుగుకు 28,000 వస్తుంది. పట్టు, రంగులు మేమే పెట్టుకుంటే చీరకు 4,500 అవుతుంది. వాట్సాప్‌లో ఫొటోలు చూసినవాళ్లు 10,500 ఇస్తామంటున్నారు. సేటుకు 60,000 బాకీ ఉంది. రెండు మగ్గాలూ సొంతానికి మార్చుకోవచ్చా?

జవాబు: ఒక్క మగ్గమే మార్చండి. రెండోది కూలికే నడవనివ్వండి.

మీ లెక్కే చూద్దాం. పడుగుకు పట్టు, రంగులు 31,500. కొరియర్, ప్యాకింగ్ చీరకు 300 అనుకుంటే ఒక్కో చీర మీద చేతికొచ్చేది 10,200. ఏడూ అమ్ముడైతే ఖర్చులు పోను 39,900 మిగులుతుంది. కూలి కంటే 11,900 ఎక్కువ. కానీ నాలుగే పోయి మూడు బీరువాలో ఉండిపోతే మిగిలేది 9,300. ఆరో చీర అమ్ముడైతే గానీ మీ కూలి మీకు రాదు. సేటు మిగుల్చుకునే దాంట్లో అమ్ముడుపోని చీరల భారం కూడా ఉంటుంది. గుడ్డ దించిన రోజే మీ డబ్బు మీకిచ్చి, అమ్మే టెన్షన్ ఆయన పడుతున్నాడు. రేపు అది మీది.

అందుకే మొదటి పడుగుకు అప్పు చేయొద్దు. చేతిలో 31,500 పోగయ్యాకే పట్టు కొనండి. చేనేత గుర్తింపు కార్డు ఉంటే పట్టు మీద కేంద్రం ఇచ్చే 15 శాతం రాయితీ మీకు అందుతుందేమో చేనేత శాఖ ఆఫీసులో అడగండి. బాకీ రెండో మగ్గం కూలిలోంచి పడుగుకు ఇంతని కట్టండి. ఆ మాట సేటుకు ముందే చెప్పండి, ఆయన డిజైన్లు మాత్రం సొంతానికి నేయకండి.

కొత్తవాళ్లను బాగా దెబ్బతీసేది వాపసు. ఇక్కత్‌లో పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. మనకది చిటికి కట్టిన గుర్తు, తెలియని వాళ్లకు ప్రింటు తేడాలా కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటిపూట గుమ్మం దగ్గర పరిచి, ఆ అంచును దగ్గరగా ఫొటో తీసి, డబ్బు తీసుకోకముందే పంపండి. డబ్బు పడిందో లేదో బ్యాంకు ఖాతాలోనే చూసుకోండి, వాళ్లు పంపే స్క్రీన్‌షాట్ నమ్మొద్దు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, ఎవరైనా కొట్టమంటే అది మోసం. ముందు హైదరాబాద్ వాళ్లకే అమ్మండి. వేరే రాష్ట్రాలకు పంపేముందు జీఎస్‌టీ సంగతి అకౌంటెంట్‌ని ఒకసారి అడగండి.

చీరల డబ్బుకు వేరే ఖాతా తెరవండి. అందులోంచి ముందు మీ కూలి 28,000 తీసుకోండి. ఏడూ అమ్ముడైనా లాభం 11,900 మాత్రమే, దానితో రెండో పడుగుకు పట్టు రాదు కాబట్టి మొదట పెట్టిన 31,500ను ఇంటి ఖర్చుకు ముట్టకుండా అందులోనే ఉంచండి. అలా మూడు పడుగులు తిరిగాక రెండో మగ్గం గురించి మళ్లీ రాయండి.