మధ్య మూలకం ఎంచుకోవడం వచ్చు, మిగతాది ఎక్కడ తప్పింది?

ప్రశ్న: సార్, నేను బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో సార్టెడ్ అర్రే నుంచి హైట్ బ్యాలెన్స్‌డ్ బైనరీ సెర్చ్ ట్రీ కట్టమన్నారు. ఇది ముందే ప్రాక్టీస్ చేశాను కాబట్టి వెంటనే రాసేశాను. తర్వాత కోడ్‌లో చివరి హద్దుగా ఉన్న hi ని లెక్కలోకి రాని ఇండెక్స్‌గా తీసుకుని మార్చమన్నారు. మార్చి ఆరు సంఖ్యలతో రన్ చేస్తే ట్రీలో మూడే వచ్చాయి. ఎందుకో తెలియలేదు. ‘ఇది బ్యాలెన్స్‌డ్ అని ఎలా చెప్పగలవు?’ అంటే కూడా ‘మధ్యది తీసుకున్నాం కదా’ అన్నాను, అక్కడే ఆగిపోయాను. డేటా స్ట్రక్చర్స్ నాకు పడవేమో అనిపిస్తోంది. కోడింగ్ వదిలి టెస్టింగ్ వైపు వెళ్లమంటారా?

జవాబు: ఈ ఒక్క ఇంటర్వ్యూ చూసి దారి మార్చుకోవద్దు. మీకు ఐడియా తెలుసు. తడబడింది రెండు చోట్ల: lo, hi అంటే ఏమిటో ముందుగా తేల్చుకోకపోవడం, మధ్యది ఎందుకు పనిచేస్తుందో ఒక్కసారైనా చివరిదాకా ఆలోచించకపోవడం. రెండూ ఒక సాయంత్రం కాగితం మీద కూర్చుంటే తేలేవే. అందుకే సలహా కన్నా ముందు లెక్కే చూద్దాం.

మీరు మొదట రాసింది దాదాపు ఇలా ఉండి ఉంటుంది:

```python
def build(a, lo, hi):
    if lo > hi:
        return None
    mid = (lo + hi) // 2
    node = Node(a[mid])
    node.left = build(a, lo, mid - 1)
    node.right = build(a, mid + 1, hi)
    return node
```

ఇందులో lo నుంచి hi దాకా, hi తో సహా, అన్నీ మనవే. మొదటి పిలుపు `build(a, 0, len(a) - 1)`. అర్రే [11, 18, 25, 32, 40, 57] అనుకోండి. 0, 5 మధ్య mid 2 అవుతుంది, కాబట్టి రూట్ 25. ఎడమకు 0 నుంచి 1 దాకా మిగిలింది. అక్కడ mid 0, అంటే 11. దానికి ఎడమన ఏమీ లేదు, కుడిన 18. అసలు రూట్‌కి కుడివైపు 3 నుంచి 5 దాకా ఉంది. అక్కడ mid 4, అంటే 40. దాని రెండు పక్కలా 32, 57. మూడు అంతస్తుల్లో ఆరు సంఖ్యలూ సర్దుకున్నాయి.

hi లెక్కలోకి రాదు అన్నప్పుడు మూడు చోట్ల మారాలి. మొదటి పిలుపు `build(a, 0, len(a))` అవుతుంది. ఆగే షరతు `lo >= hi` అవుతుంది. ఎడమ పిలుపు `build(a, lo, mid)` అవుతుంది. మీరు మొదటి రెండూ మార్చి, ఎడమ పిలుపులో `mid - 1` ని అలాగే వదిలేశారని నా అనుమానం, ఎందుకంటే అలా చేస్తే సరిగ్గా మూడే మిగులుతాయి. చూడండి. 0, 6 మధ్య mid 3, రూట్ 32. ఎడమ పిలుపు (0, 2). hi లెక్కలోకి రాదు కాబట్టి అక్కడ ఉన్నది 0, 1 మాత్రమే. ఇండెక్స్ 2 లోని 25 ఎవరికీ చెందకుండా పోయింది. ఆ పిలుపులో mid 1, అంటే 18. దాని ఎడమ పిలుపు (0, 0), ఖాళీ. 11 కూడా పోయింది. కుడివైపు (4, 6) లో mid 5, అంటే 57. దాని ఎడమ పిలుపు (4, 4), ఖాళీ. 40 పోయింది. చివరికి 32, దాని కింద 18, 57.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. మిగిలిన ఆ మూడు నోడ్ల ట్రీ నిజంగానే బ్యాలెన్స్‌డ్. నిజంగానే సెర్చ్ ట్రీ. ఎడమన చిన్నది, కుడిన పెద్దది, రెండు వైపులా ఒకే ఎత్తు. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు. అంటే ‘బ్యాలెన్స్‌డా?’, ‘సెర్చ్ ట్రీయేనా?’ అనే రెండు పరీక్షలూ ఈ తప్పును పట్టుకోలేవు. పట్టుకునేది మూడోది: ఇచ్చినవన్నీ ఉన్నాయా అన్నది. అందుకు ఇన్‌ఆర్డర్ ట్రావర్సల్ చాలు.

```python
def inorder(t):
    return inorder(t.left) + [t.val] + inorder(t.right) if t else []
```

`inorder(root) == a` అయితే ఏ సంఖ్యా పోలేదు, వరుసా చెడలేదు. మీ ట్రీకి ఇది [18, 32, 57] ఇస్తుంది, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. hi ని కలుపుకునే మొదటి పద్ధతిలో ఆగే షరతును పొరపాటున `lo >= hi` అని రాసినా ఇదే కథ: ఒక్క మూలకమే మిగిలిన చోటల్లా అది రాలిపోయి, 25, 11, 40 మాత్రమే మిగులుతాయి. ఇక మొదటి పద్ధతిలోనే ఎడమ పిలుపుకి `mid` పంపితే తప్పు దాగదు. (0, 0) మళ్లీ (0, 0) నే పిలుస్తూ పోతుంది, పైథాన్ RecursionError చూపిస్తుంది. నా ఉద్దేశంలో ఇది మంచి రకం తప్పు, ఎందుకంటే గట్టిగా అరుస్తుంది.

సరిచేశాక రూట్ 32 వస్తుంది, మొదటి పద్ధతిలో 25 వచ్చింది. దీనికి టెన్షన్ పడొద్దు. సరి సంఖ్యలో మూలకాలుంటే మధ్యవి రెండుంటాయి, మన ఆరింటికి ఏది తీసుకున్నా ఎత్తు మూడే. పక్కవాడి ట్రీతో మీ ట్రీ కలవలేదంటే తప్పు చేసినట్టు కాదు.

ఇప్పుడు మీరు ఆగిపోయిన రెండో ప్రశ్న. ‘మధ్యది తీసుకున్నాం’ అన్నది సగం జవాబే. దాంతో తేలేది ఏమిటంటే, ఎడమన, కుడిన ఉన్న నోడ్ల సంఖ్యలో తేడా ఒకటికి మించదని. కానీ హైట్ బ్యాలెన్స్‌డ్ అంటే ప్రతి నోడ్ దగ్గరా రెండు వైపుల ఎత్తుల్లో తేడా ఒకటికి మించకూడదు. సంఖ్యలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఎత్తులు దగ్గరగా ఉండాలని లేదు. నాలుగు నోడ్లు గొలుసులా వేలాడితే ఎత్తు నాలుగు, పక్కన మూడు నోడ్లు చక్కగా సర్దుకుంటే ఎత్తు రెండు. ఇంటర్వ్యూ చేసినవారు వినాలనుకున్నది ఈ ఖాళీని ఎలా పూడుస్తారన్నదే.

పూడ్చడం ఇలా. మన పద్ధతిలో n మూలకాల ట్రీలో, రూట్ తీసేశాక, పెద్ద సగంలో n/2 ఉంటాయి, భిన్నం వస్తే వదిలేయాలి. ఎత్తు అంటే ఆ పెద్ద సగం ఎత్తుకి ఒకటి కలిపినంత. ఆరుంటే ఆరు, మూడు, ఒకటి, అంతే, మూడు అంతస్తులు. అంటే ఎత్తు సంఖ్య మీదే ఆధారపడుతుంది, విలువల మీద కాదు. ఒకటికి ఎత్తు 1. రెండు, మూడింటికి 2. నాలుగు నుంచి ఏడు దాకా 3. ఎనిమిది నుంచి పదిహేను దాకా 4. ఈ వరుసలో పక్కపక్క సంఖ్యలు ఏవి తీసుకున్నా ఎత్తు సమానం, లేదా ఒక్కటే తేడా. 3 నుంచి 4కి, 7 నుంచి 8కి దాటేటప్పుడే ఆ ఒక్కటి పెరుగుతుంది. రెండు వైపులా ఉన్న సంఖ్యలు ఒకటే, లేదా పక్కపక్కవి కాబట్టి ఎత్తుల తేడా ఒకటి దాటదు. లోపల ప్రతి సబ్‌ట్రీనీ ఇలాగే కట్టాం కాబట్టి ప్రతి నోడ్ దగ్గరా ఇదే నిజం. ఇంతే, రెండు నిమిషాల్లో చెప్పొచ్చు.

ఇదంతా ఎందుకని అడిగితే 1,000 మూలకాలతో చెప్పండి. సార్టెడ్ వరుసలోనే మామూలు సెర్చ్ ట్రీలోకి ఒక్కొక్కటిగా చేరుస్తూ పోతే ప్రతిదీ కుడి చివరకే వెళ్తుంది. ఎత్తు 1,000 అవుతుంది, కట్టడానికే 4,99,500 పోలికలు అవుతాయి. మధ్య నుంచి కడితే ఎత్తు 10, విలువలను పోల్చాల్సిన పనే లేదు.

చాలామంది పైథాన్‌లో `build(a[:mid])` అని ముక్కలు చేసి పంపుతారు. జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ ప్రతి ముక్కా కొత్త కాపీ. పది లక్షల మూలకాలకు దాదాపు 1.8 కోట్ల కాపీలు, అంటే O(n log n). ఇండెక్సులు పంపితే ఒక్కో మూలకానికి ఒక్కో నోడ్, O(n). రికర్షన్ లోతు 20 చుట్టూనే ఉంటుంది కాబట్టి స్టాక్ గురించి భయం అక్కర్లేదు.

ఇంకో ప్రశ్న దాదాపు ఖాయంగా వస్తుంది: తర్వాత కొత్త సంఖ్యలు చేరిస్తే? మొదటి పద్ధతిలో వచ్చిన, రూట్ 25 ఉన్న ట్రీలో 60, 65, 70 వరుసగా చేర్చి చూడండి. 57 కింద గొలుసులా వేలాడతాయి. రూట్‌కి ఎడమన ఎత్తు 2, కుడిన 5. బ్యాలెన్స్ పోయింది. మధ్య మూలకం పద్ధతి ట్రీని కట్టేటప్పుడే బ్యాలెన్స్ ఇస్తుంది, తర్వాత కాపాడదు. డేటా అరుదుగా మారితే ఇన్‌ఆర్డర్‌లో ఒకే లిస్టుకి append చేస్తూ మళ్లీ అర్రేగా తీసి కొత్తగా కట్టుకోవచ్చు, అదీ O(n) పనే. తరచూ మారితే 1962లో వచ్చిన ఏవీఎల్ ట్రీ లాంటిది కావాలి. అది చేర్చినప్పుడల్లా రొటేషన్లతో తనను తాను సరిచేసుకుంటుంది. అర్రేలో ఒకే విలువ మళ్లీ మళ్లీ ఉంటే ఎలా అన్నది కూడా మీరే ముందు అడగండి. [5, 5, 5] కి రూట్ 5, ఎడమన కూడా 5 వస్తుంది. ఎడమవన్నీ కచ్చితంగా చిన్నవే ఉండాలి అన్న నియమం అక్కడ నిలవదు. ఆ ప్రశ్న మీ నోటి నుంచి ముందుగా వస్తే ఇంటర్వ్యూ చేసేవారికి మీ ఆలోచన తెలుస్తుంది.

ప్రిపరేషన్ విషయానికొస్తే, వచ్చే వారం కొత్త ప్రాబ్లమ్స్ పక్కన పెట్టండి. ఇదే ట్రీని కోడ్ చూడకుండా రెండు పద్ధతుల్లోనూ రాయండి. రాసే ముందు పై గీతలోనే ‘hi కలుస్తుంది’ లేదా ‘hi కలవదు’ అని కామెంట్ పెట్టి, ప్రతి పిలుపునూ ఆ వాక్యంతో సరిచూసుకోండి. ఖాళీ అర్రే, ఒక్కటి, రెండు, ఆరు మూలకాలతో చేత్తో నడిపించండి. రెండు మూలకాల దగ్గరే ఎక్కువ తప్పులు దొరుకుతాయి. మీరు చేసిన తప్పుతో [11, 18] ఇస్తే 18 ఒక్కటే మిగులుతుంది, ఆరుదాకా వెళ్లే పనే లేదు. అదయ్యాక అర్రే బదులు సార్టెడ్ లింక్డ్ లిస్ట్ ఇస్తే ఏం చేస్తారో ఆలోచించండి. అక్కడ మధ్యకు నేరుగా వెళ్లలేం. ముందుగా పొడవు లెక్కపెట్టుకుని, ఎడమ సబ్‌ట్రీ కట్టి, లిస్టులో ఒక అడుగు ముందుకేసి రూట్ తీసుకుని, తర్వాత కుడి కట్టాలి.

ఇక టెస్టింగ్. మంచి ఉద్యోగం, ఇష్టంగా వెళ్లండి, కానీ ఈ పని తప్పించుకోవడానికి అయితే వెళ్లొద్దు. మూడు నోడ్ల ట్రీ చూసి ‘బ్యాలెన్స్‌డే, సెర్చ్ ట్రీయే, అయినా మూడు సంఖ్యలు పోయాయి’ అని పట్టుకోవడమే టెస్టర్ రోజూ చేసే పని. అక్కడి ఇంటర్వ్యూలోనూ ఇదే కోడ్ ఇచ్చి ఏ ఇన్‌పుట్లతో పరీక్షిస్తారని అడగొచ్చు. కాబట్టి ఈ వారం పని రెండింటికీ ఒకటే. అది చేశాక, కోడ్ రాయడం నచ్చిందా, అందులో తప్పు వెతకడం నచ్చిందా అన్నది చూసుకుని నిర్ణయించుకోండి.