ఆ క్రీము ట్యూబును కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు

"మంగళవారం రాత్రి. ఇవాళ కూడా మాస్క్ తియ్యలేదు. మెస్‌లో అందరూ తినేసి వెళ్లాక ఒక్కదాన్నే మూలన కూర్చుని తిన్నా. ఫ్రెషర్స్ ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ నేను లేను. రూమ్మేట్ ఇచ్చిన క్రీము రాసిన మొదటి రెండు వారాలు ముఖం అద్దంలా మెరిసింది. ఇప్పటికి నాలుగు నెలలైంది. ఒక్క రాత్రి మానేస్తే తెల్లారేసరికి ఎర్రబడి మండుతోంది, మొటిమలు గుంపులుగా లేస్తున్నాయి. ఫోన్‌లో ఏడిస్తే అమ్మ 'శనివారం వస్తా, చర్మం డాక్టరుకు చూపిద్దాం' అంది. ఇన్నాళ్లూ వద్దన్నదాన్ని, ఈసారి సరే అన్నా. కానీ అమ్మకి క్రీము సంగతి తెలీదు. చెబితే తిడతారేమో. డాక్టరు ఏం చేస్తారో కూడా తెలీదు. ఈ పేజీ మీకే పంపిస్తున్నా. చెప్పాలా?"
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, హనుమకొండ

చెప్పాలి తల్లీ. శనివారం నువ్వు చెప్పే మాటలన్నిటిలో డాక్టరుకు ఎక్కువ పనికొచ్చేది అదే. రాసిన కొద్ది రోజులకే ముఖాన్ని నున్నగా చేసి, మానగానే మంట పుట్టించే క్రీముల్లో చాలావరకు స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో మందుల పేర్లు ఉంటాయి, ఓసారి చదువు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడ్ క్రీమే. కొన్నింటిలో దీనితో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలుపుతారు. ఆ మూడూ కలిసిన క్రీము మంగు మచ్చలకు, అదీ డాక్టరు చూస్తూ ఉండగా కొద్ది వారాలు మాత్రమే వాడాల్సిన మందు. ముఖం తెల్లబడుతుందన్న నమ్మకంతో అది చేతులు మారుతూ హాస్టల్ గదుల దాకా వస్తోంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చీటీ అడగని మెడికల్ షాపులు ఉన్నాయి కాబట్టి, నీలాంటి పిల్లలను డాక్టర్లు తరచూ చూస్తూనే ఉంటారు. నీ మాట వాళ్లకు కొత్తగా ఉండదు.

జరిగేది ఏమిటంటే, స్టెరాయిడ్ వాపును అణిచేసి, చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకునేలా చేస్తుంది. మెరుపు, తెలుపు అక్కడినుంచి వచ్చినవే. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. మందు ఆగగానే ముడుచుకున్న నాళాలు ఒక్కసారిగా విప్పారి ముఖం ఎర్రబడి మండుతుంది. దాంతో మళ్లీ రాయాలనిపిస్తుంది. స్టెరాయిడ్ తనంతట తానే మొటిమలు తెప్పిస్తుంది కూడా. ఈ వయసులో వచ్చే మామూలు మొటిమల్లో బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, చీము పట్టినవి, గట్టి గడ్డలు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల వచ్చేవి ఎక్కువగా ఒకే సైజు ఎర్రటి పొక్కుల్లా గుంపులుగా లేస్తాయి. బుగ్గల మీద సన్నటి ఎర్ర గీతలు, కొత్తగా నూగు వెంట్రుకలు, ఎండలోకి వెళ్తే చురుక్కుమనడం కూడా దాని గుర్తులే. రెండు రకాలూ ఒకే ముఖం మీద ఉండొచ్చు. వైద్యం వేర్వేరు కాబట్టి, క్రీము సంగతి దాస్తే డాక్టరు వీటిని మామూలు మొటిమలనుకుని ఘాటైన జెల్ రాసిచ్చే ప్రమాదం ఉంది. పలచబడ్డ చర్మం దాన్ని తట్టుకోలేదు.

అమ్మతో ముఖాముఖి చెప్పడం కష్టమైతే శుక్రవారమే ట్యూబు ఫొటో తీసి పంపు. "నాలుగు నెలల నుంచి ఇది రాస్తున్నా, మానితే మండుతోంది, డాక్టరుకు చెప్పాలి" అని మూడు ముక్కలు రాస్తే చాలు. కోపగించుకున్నా బస్సులో వచ్చేలోపు సగం చల్లారుతుంది. అప్పటికీ నోరు పెగలకపోతే గదిలోకి వెళ్లగానే ట్యూబు డాక్టరు బల్ల మీద పెట్టు, మిగతాది వాళ్లే అడుగుతారు. నాలుగు నెలల్లో ముఖానికి రాసినవన్నీ, ఫేస్‌వాష్, కన్సీలర్, ఫెయిర్‌నెస్ క్రీముతో సహా, ఒక కవర్లో వేసుకెళ్లు. శనివారం దాకా మంటకు విరుగుడని పేస్టు, నిమ్మరసం, పసుపు, ఐస్ గడ్డ ఏవీ మొదలుపెట్టకు. ఆ క్రీమును మందంగా పూయకు. ఎలా ఆపాలో డాక్టరు చెబుతారు. కొందరికి వెంటనే ఆపించేస్తారు, కొందరికి తక్కువ బలం ఉన్నదానికి మార్చి వారాల మీద తగ్గిస్తారు.

చూపించేది ఎండీ డీవీఎల్ లేదా డీడీవీఎల్ చదివిన చర్మవైద్యులకు. బ్యూటీ పార్లర్‌కూ, ఫేషియల్, బ్లీచ్ చేసే క్లినిక్‌కూ కాదు. ఫీజు భారమనిపిస్తే వరంగల్ ఎంజీఎంలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ఆ రోజు మేకప్ లేకుండా, మాస్క్ తీసి వెళ్లాలి. వెలుతురులో ముఖం చూస్తారు, వీపూ ఛాతీ కూడా చూడాలంటారు. మొదలై ఎన్నాళ్లయింది, నెలసరి సరిగ్గా వస్తోందా, గడ్డం మీద ముతక వెంట్రుకలు ఉన్నాయా, వేరే మాత్రలు వాడుతున్నావా అని అడుగుతారు. నెలసరి క్రమం తప్పుతుంటే హార్మోన్ పరీక్షలు రాయొచ్చు. అమ్మ ముందు చెప్పలేనిది ఉంటే "రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడొచ్చా" అని అడుగు. మెస్‌కు ఆలస్యంగా వెళ్లడం, ఫొటోలు తప్పించుకోవడం గురించి కూడా చెప్పు. మొటిమల తీవ్రతను లెక్కగట్టేటప్పుడు వైద్యులు ఆ బాధనూ లెక్కలోకి తీసుకుంటారు.

ఇక మొదటి నెల గురించి నీకు ముందే తెలియాలి. స్టెరాయిడ్ ఆపిన కొద్ది రోజులకు ముఖం ఇప్పటికన్నా ఎర్రబడొచ్చు, ఒక్కోసారి ఇది కొన్ని వారాలు సాగుతుంది. వైద్యం పనిచెయ్యడం లేదనుకుని చాలామంది పాత ట్యూబు మళ్లీ తీసేది సరిగ్గా ఇక్కడే. కాబట్టి దాన్ని గదిలో ఉంచుకోకు. ఈ దశలో సాధారణంగా సువాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, అవసరమైతే డాక్సీసైక్లిన్ లాంటి మాత్రలు ఇస్తారు. ఆ మాత్రను నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట కూర్చునే ఉండాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో, ఆహారనాళంలో పుండు పడొచ్చు.

చర్మం కుదురుకున్నాక మామూలు మొటిమలకు అడాపలీన్ 0.1 శాతం జెల్ లాంటిది మొదలుపెట్టవచ్చు. ఇందులో పొరపాటు ఎక్కువగా పరిమాణంలోనే జరుగుతుంది. ముఖం మొత్తానికి శనగగింజంత చాలు. మొటిమ మీద చుక్కపెట్టడం కాదు, పడుకునే ముందు కడిగి, తడి పూర్తిగా ఆరాక, కళ్లూ పెదవులూ ముక్కు మూలలూ వదిలి పలచగా పరచాలి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. పొట్టు లేస్తే ముందు మాయిశ్చరైజర్ రాసి దానిపైన జెల్ రాయాలి. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రోజూ అద్దంలో వెతికితే తేడా కనపడదు. ఒకే కిటికీ దగ్గర నెలకో ఫొటో తీసి పోల్చు. బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తే దిండు గలీబు, టవలు తెల్లవి వాడు. రంగు బట్టల మీద అది తెల్లటి మచ్చలు పెడుతుంది.

హాస్టల్లో మార్చుకోవాల్సినవి కొన్నే. తలకు నూనె రాసి రాత్రంతా ఉంచితే నుదుటి అంచున మొటిమలు పెరుగుతాయి, కాబట్టి తలస్నానానికి గంట ముందు మాత్రమే రాయి. మాస్క్ కింద చెమట, రాపిడి వల్ల గడ్డం దగ్గర మరిన్ని వస్తాయి. ఒక్కసారిగా తీసెయ్యమని చెప్పను. ముందు గదిలో రూమ్మేట్ ముందు, తర్వాత మెస్‌లో ఒక పూట. ఎవరైనా అడిగితే "ఒక క్రీము పడలేదు, డాక్టరు మందులు ఇచ్చారు" అన్న ఒక్క వాక్యం సరిపోతుంది. రూమ్మేట్‌కు మాత్రం కాస్త ఎక్కువే చెప్పు. ఆ అమ్మాయి కూడా అదే క్రీము రాస్తూ ఉండొచ్చు. ట్యూబు వెనక పేర్లు చూపించి, వీలైతే శనివారం తననూ వెంట తీసుకెళ్లు.