చీటీ ముందా, కార్డు ముందా: మేనల్లుడికి ఒక లేఖ

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

చీటీ వాయిదా కట్టడానికి క్రెడిట్ కార్డు వాడుతున్నావని, ఇప్పుడు రెండూ కలిసి మెడకు చుట్టుకున్నాయని మీ అమ్మ చెప్పింది. బడిలో లెక్కలు చెప్పుకుంటూ బతికిన నేను కూడా ఇదే గోతిలో పడినవాణ్ణి గనుక నా సంగతే రాస్తున్నాను.

చెల్లెలి పెళ్లికని పాతపట్నంలో ఒక సంస్థలో 3 లక్షల చీటీ వేశాను. నెలకు 10,000 చొప్పున 30 నెలలు. నాలుగో నెలలోనే 90,000 తగ్గించి పాడుకున్నాను. ఆ తగ్గింపులో సంస్థ కమీషన్ 15,000 పోగా మిగిలిన 75,000 ముప్పై మందికీ పంచితే తలకు 2,500 డివిడెండ్ వచ్చింది. అందువల్ల ఆ నెల కట్టింది 7,500 మాత్రమే. ఇంటి ఖర్చు మొత్తం ఆ 7,500 మీదే లెక్క వేసుకోవడం నా మొదటి తప్పు. నెలలు గడిచేకొద్దీ డబ్బు అత్యవసరమైనవాళ్లు తగ్గుతారు, పాట చల్లబడుతుంది, డివిడెండ్ కరిగిపోతుంది. తగ్గింపు 45,000కి దిగిన నెలలో నా వాయిదా 9,000 అయింది. పాడుకున్నవాడు చివరి నెలలకు పూర్తి 10,000 కట్టడానికి సిద్ధంగా ఉండాలని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ పెళ్లి హడావిడిలో వినేవాణ్ణి కాదేమో.

ఆ తేడాను కార్డు పూడ్చింది. జీతం చీటీకి, సరుకులు కార్డుకి. రెండుసార్లు ఏటీఎంలో కార్డుతో నగదు కూడా తీశాను. దానికి గడువేమీ ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ. పదహారో వాయిదా కట్టేసరికి కార్డు బాకీ 1,20,000 అయింది. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 4,200, దానిపై పన్ను 756, వెరసి 4,956. నేను కనీస మొత్తమని 6,000 కట్టి సంతోషించేవాణ్ణి. అందులో అసలుకు చేరినది 1,044 మాత్రమే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వస్తువుకు కూడా వడ్డీలేని రోజులు దొరకవు.

అప్పుడు మీ అత్తయ్య తన గాజులు బల్లమీద పెట్టి, వీటితో ఏ అప్పు తీరుస్తారో ముందు చెప్పండి, ఆ తర్వాతే ఇస్తాను అంది. నా మనసు చీటీ వైపే లాగింది, ఎందుకంటే జామీను సంతకం పెట్టినవాడు నా పక్క గదిలో పాఠం చెప్పే మాస్టారు. కానీ కాగితంమీద వేసి చూస్తే విషయం తేలింది. చీటీకి నేను చెల్లించవలసిన మూల్యం పాడుకున్న నాడే 90,000 రూపంలో పోయింది. మిగిలిన వాయిదాలు ముందుగా కట్టినా అది తిరిగి రాదు. కార్డు మాత్రం ప్రతి నెలా ఐదువేలు తింటోంది. కనుక చీటీ వాయిదా ఒక్కరోజు కూడా తప్పకుండా కట్టడం, అదనపు రూపాయి అంతా కార్డుమీదికి మళ్లించడం అని తేల్చుకున్నాం. చీటీ తప్పకూడదనడానికి కారణముంది: పాడుకున్నవాడు వాయిదా ఎగ్గొడితే, నోటీసు ఇచ్చి మిగతా వాయిదాలన్నీ ఒకేసారి అడిగే హక్కు 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం సంస్థకు ఇచ్చింది. ఆ తర్వాత పట్టుకునేది జామీనుదారునే.

గాజుల మీద బ్యాంకులో ఏడాదికి 10 శాతం వడ్డీతో 1,20,000 తీసుకుని కార్డు తీర్చాను. అప్పటికి నా చేతికొచ్చే జీతం 46,000. ఒకటో తారీఖునే చీటీకి 10,000, బంగారం అప్పుకు 9,000 పక్కకు తీసి, తక్కిన 27,000తో ఇల్లు నడిపాం. డివిడెండ్ వచ్చినంత మేర చీటీలో మిగిలింది ఆకస్మిక ఖర్చులకు ఉంచాం. ఏడాది తిరిగేసరికి ఆ అప్పును ఒకసారి మార్చి రాయించుకోవలసి వచ్చింది. పద్నాలుగు నెలలు కట్టి, పదిహేనో నెలలో చిన్న మొత్తంతో గాజులు విడిపించాను. మొత్తం వడ్డీ సుమారు 7,700, అంటే కార్డు రెండు నెలలకు తినే దానికన్నా తక్కువ.

ఇంకొక చోట జాగ్రత్త. స్టేట్‌మెంట్‌లో ఉన్నదంతా కట్టేశాక కార్డు మరిచిపోయాను. స్టేట్‌మెంట్ తేదీకి, నేను కట్టిన రోజుకు మధ్య పది రోజుల వడ్డీ, పన్నుతో కలిపి 1,652, తరువాతి బిల్లులో వచ్చింది. చూసుకోనందుకు ఆలస్య రుసుము కూడా పడింది. కాబట్టి బాకీ సున్నా అని రెండు వరుస బిల్లుల్లో కనిపించేదాకా చూస్తూ ఉండు. ఆపై కార్డు మూసివేయమని లిఖితపూర్వకంగా అడుగు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసివేయాలని 2022లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. కార్డును పర్సులోనే ఉంచుకుని బంగారం తాకట్టు పెట్టడం మాత్రం చేయకు. రెండు అప్పులు మూడవుతాయి.

ఆదివారం గుణుపురం నుంచి వచ్చేటప్పుడు గత మూడు నెలల కార్డు బిల్లులు, చీటీ పాస్‌బుక్కు, జీతం స్లిప్పు తీసుకురా. పాస్‌బుక్కులో నీవు పాడుకున్న నెల, ఇప్పటిదాకా వచ్చిన డివిడెండ్లు ఎంతెంతో ముందుగా ఒక కాగితంమీద రాసి పెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య