పిల్లి కాటుకు ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సరిపోతుందా?

ప్రశ్న: నిన్న రాత్రి ఎనిమిదింటికి మా పిల్లి నా కుడిచేతి చూపుడువేలి మొదట్లో, కణుపు దగ్గర కరిచింది. రెండు చిన్న గాట్లే, కొంచెం రక్తం వచ్చింది. నీళ్లతో కడిగి, ఇంట్లో ఉన్న సెఫలెక్సిన్ 500 క్యాప్సూల్ రాత్రి ఒకటి, పొద్దున ఒకటి వేసుకున్నాను. అయినా ఈ మధ్యాహ్నానికి చెయ్యి వాచి ఎర్రబడింది, వేలు కదిపితే నొప్పి. ఆరేళ్ల క్రితం టీటీ వేయించుకున్నాను. చిన్నప్పుడు పెన్సిలిన్ జాతి మందేదో పడక దద్దుర్లు వచ్చాయని అమ్మ అంటుంది. మందు మార్చాలా? ఇంకో రెండు రోజులు చూడొచ్చా? (ఒక పాఠకురాలు, 34 ఏళ్లు)

జవాబు: రెండు రోజులు కాదమ్మా, ఈ సాయంత్రం దాకా కూడా ఆగొద్దు. ఇది చదవగానే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. గాటు కణుపు మీద ఉంది, కదిపితే నొప్పి వస్తోంది. అంటే ఇన్‌ఫెక్షన్ చర్మం కింద మాత్రమే ఉందా, కీలులోకో, కండను ఎముకకు కలిపే స్నాయువు తొడుగులోకో దిగిందా అన్నది చేత్తో పట్టి చూస్తే తప్ప తెలియదు. ఉంగరం ఉంటే ఇప్పుడే తీసేయండి, వాపు పెరిగాక రాదు. దారిలో చేతిని గుండె కంటే ఎత్తులో పెట్టుకోండి.

కుక్క కాటు చూడటానికి భయంకరంగా ఉంటుంది, చర్మం చీలిపోతుంది. పిల్లి కాటు చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ప్రమాదం రెండోదాంట్లోనే ఎక్కువ. పిల్లి కోర సన్నగా, పొడుగ్గా, ఇంజెక్షన్ సూదిలా ఉంటుంది. నోట్లోని క్రిముల్ని లోపల వదిలేసి బయటికి వస్తుంది, పైన చర్మం వెంటనే మూసుకుపోతుంది. వేళ్ల దగ్గర చర్మానికీ కీలుకీ మధ్య కండ చాలా తక్కువ కాబట్టి కోర నేరుగా కీలు పొర దాకా చేరగలదు. మీరు గాటును పైపైన ఎంత కడిగినా ఆ లోతుకు నీళ్లు వెళ్లవు.

ఇక మీ క్యాప్సూల్ సంగతి. సెఫలెక్సిన్ మంచి మందే. సెగ్గడ్డలకు, మామూలు చర్మ ఇన్‌ఫెక్షన్లకు మేమూ రాస్తాం. కానీ పిల్లి నోట్లో పాస్చురెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. చీము పట్టిన పిల్లి కాట్లను పరీక్షిస్తే సుమారు 75 శాతం గాయాల్లో ఇది కనిపిస్తుంది. దీని మీద సెఫలెక్సిన్ సరిగ్గా పనిచేయదు. క్లాక్సాసిలిన్ కూడా అంతే. క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ అయితే దీని మీద లెక్కలోకే రావు. ఇవన్నీ చర్మం మీది గాయాలకు అలవాటుగా వాడే మందులు కావడంతో జంతువు కాటుకూ అవే సరిపోతాయనుకుంటారు. మందుల షాపులో ‘గాయానికి ఏదైనా ఇవ్వండి’ అని అడిగినా చాలాసార్లు ఇలాంటివే చేతికొస్తాయి.

మీ విషయంలో గడియారం కూడా ఒక ఆధారం ఇస్తోంది. కాటు పడింది రాత్రి ఎనిమిదింటికి, చెయ్యి ఎర్రబడింది మర్నాడు మధ్యాహ్నానికి. అంటే పదహారు గంటల లోపే. మన చర్మం మీది స్టెఫైలోకాకస్ లాంటి క్రిములు సాధారణంగా ఇంకాస్త ఆలస్యంగా, రెండో మూడో రోజుకు బయటపడతాయి. కాటు తర్వాత 12 నుంచి 24 గంటల్లోనే వాపు, ఎరుపు, గాటుతో పోలిస్తే మరీ ఎక్కువ నొప్పి వస్తే మేం ముందు పాస్చురెల్లానే అనుమానిస్తాం. రెండు క్యాప్సూళ్లు పడ్డాక కూడా పెరిగిందంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

అందుకే జంతువు కాటుకు మొదట ఎంచుకునే మందు అమాక్సిసిలిన్, క్లావులానిక్ యాసిడ్ కలిపిన మాత్ర. కాటు గాయంలో ఒకే క్రిమి ఉండదు. పాస్చురెల్లాతో పాటు మన చర్మం మీది స్టెఫైలోకాకస్, గాలి లేని చోట పెరిగే అనరోబిక్ క్రిములు కలిసి ఉంటాయి. ఒక్క అమాక్సిసిలిన్ పాస్చురెల్లాను చంపుతుంది కానీ, మిగతావాటిలో చాలావరకు ఆ మందును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తాయి. క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. కాబట్టి ‘అమాక్సిసిలిన్ ఉంది, అది వేసుకోనా’ అంటే వద్దనే చెబుతాను. పెద్దవాళ్లకు మామూలుగా 625 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు, భోజనంతో ఇస్తారు. ఇన్‌ఫెక్షన్ ఇంకా రాకముందు ముందుజాగ్రత్తగా అయితే మూడు నుంచి ఐదు రోజులు. వచ్చాక, చర్మం వరకే ఉంటే ఐదు నుంచి ఏడు రోజులు. కీలులోకి దిగితే నరంలోకి ఇంజెక్షన్లతో మొదలుపెట్టాల్సి వస్తుంది, చికిత్స వారాల లెక్కకు వెళుతుంది.

కానీ మీరు ఈ మాత్రను మీ అంతట మీరు వేసుకోకండి, కారణం ఆ చిన్నప్పటి దద్దుర్లు. ఇక్కడ వివరం చాలా ముఖ్యం. అమ్మను కూర్చోబెట్టి అడగండి: మందు వేసిన గంటలోపే ఒళ్లంతా దురదతో దద్దుర్లు లేచాయా? పెదాలు, కళ్లు వాచాయా? ఆయాసం వచ్చిందా? లేక జ్వరానికి మందు వాడుతున్న నాలుగైదు రోజుల తర్వాత, దురద లేకుండా ఎర్రటి మచ్చలు వచ్చి వాటంతటవే పోయాయా? మొదటి రకం నిజమైన ప్రమాదకర అలర్జీ. రెండోది చాలాసార్లు జ్వరం తెచ్చిన వైరస్ వల్ల వచ్చిన మచ్చలే అయ్యుంటాయి. ఆ తర్వాత ఎప్పుడైనా అమాక్సిసిలిన్ వాడి, ఏమీ కాకపోయి ఉంటే అది కూడా చెప్పండి. ఇప్పుడు సెఫలెక్సిన్ రెండుసార్లు పడినా ఏమీ కాలేదన్నదీ పనికొచ్చే సమాచారమే, ఎందుకంటే దాని నిర్మాణంలో ఒక భాగం అమాక్సిసిలిన్‌ను పోలి ఉంటుంది. అయినా దాన్ని బట్టి ఇంట్లోనే నిర్ణయం తీసుకోకూడదు.

అలర్జీ నిజమేనని తేలితే దారులు లేకపోలేదు. పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ రెండూ కలిపి ఇస్తాం. మొదటిది పాస్చురెల్లాను చూసుకుంటుంది, రెండోది అనరోబిక్ క్రిముల్ని. ఒకటి మానేసి ఒకటి వేసుకుంటే సగం పనే అవుతుంది. గర్భం ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా ముందే చెప్పండి, అప్పుడు డాక్సీసైక్లిన్ ఇవ్వం. అది వేసుకున్నాక నిండు గ్లాసు నీళ్లు తాగి కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది.

ఇప్పుడు గాయం. నీళ్లతో కడిగానన్నారు, సబ్బు మాట రాయలేదు. కాటు పడిన వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుంటూ కడిగితే తెలుస్తుంది అది ఎంతసేపో, మామూలుగా అందరం ఒక్క నిమిషంలో ముగించేస్తాం. ఆలస్యమైనా ఇప్పుడూ కడగండి, తర్వాత పొవిడోన్ అయోడిన్ రాయండి. గాటును పిండొద్దు, సిరంజితో లోపలికి నీళ్లు గట్టిగా కొట్టొద్దు, క్రిములు మరింత లోపలికి పోతాయి. పైన పల్చగా గాజు గుడ్డ చాలు, బిగుతుగా కట్టు వద్దు. ఆసుపత్రిలో చీము ఉంటే కొంచెం తీసి ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్‌ పరీక్షకు పంపుతారు, కోర ముక్క ఏమైనా విరిగిందేమోనని ఎక్స్‌రే తీయవచ్చు. చేతి మీది పిల్లి గాటుకు కుట్లు వేయరు. ఎవరైనా కుట్టేస్తానంటే ఎందుకని అడగండి, మూసేస్తే చీము లోపలే నిలిచిపోతుంది.

డాక్టర్ మీ వేలిని నెమ్మదిగా నిటారుగా చాపి చూస్తారు. అలా చాపగానే ప్రాణం పోయేంత నొప్పి, వేలు మొత్తం ఒకే లావున వాపు, వేలు తనంతట తాను వంగి ఉండిపోవడం, అరచేతి వైపు వేలి పొడవునా నొక్కితే నొప్పి, ఇవి స్నాయువు తొడుగులో చీము పట్టిందనడానికి గుర్తులు. అది ఆపరేషన్ థియేటర్‌లో కడగాల్సిన పరిస్థితి, మాత్రలతో తగ్గేది కాదు. ఒక్క రోజు ఆలస్యమైతే వేలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. ఇవాళే వెళ్లమని నేను అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

టీటీ విషయానికొస్తే, చిన్నప్పుడు టీకాలన్నీ పూర్తయిన వాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్ల రక్షణ లెక్కేస్తాం. జంతువు కాటు, మట్టి అంటిన గాయం లాంటివాటికి ఆ లెక్క ఐదేళ్లే. మీకు ఆరేళ్లయింది, కాబట్టి ఒక బూస్టర్ తీసుకోండి. ఇప్పుడు చాలాచోట్ల టీటీ బదులు డిఫ్తీరియా రక్షణ కూడా కలిసిన టీడీ ఇస్తున్నారు, అదే మంచిది. రెండేళ్ల క్రితమే వేయించుకుని ఉంటే ఈ సూది అక్కర్లేదు. చిన్నప్పటి మూడు డోసులూ పడలేదని తెలిసినా, పడ్డాయో లేదో ఎవరికీ గుర్తులేకపోయినా, టీకాతో పాటు, వెంటనే రక్షణనిచ్చే రెడీమేడ్ యాంటీబాడీల సూది టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా రెండో చేతికి ఇస్తారు. టీటీ చీమును ఆపదు, రేబిస్‌ను ఆపదు. ‘టీటీ వేయించాను కదా’ అని కాటును మర్చిపోయేవాళ్లను చూస్తే నిజంగా బాధగా ఉంటుంది.

ఆ రేబిస్ మాట మీరు అడగలేదు, నేను వదల్లేను. పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది. రేబిస్ ఉన్న ప్రాంతంలో చర్మం తెగి రక్తం వచ్చిన కాటు అన్నిటికంటే తీవ్రమైన మూడో తరగతి కిందికి వస్తుంది. అంటే వ్యాక్సిన్ కోర్సు ఈరోజే మొదలుపెట్టాలి, ముందెప్పుడూ ఆ వ్యాక్సిన్ తీసుకోని వాళ్లకు గాటు చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. మీ పిల్లికి టీకాలు వేయించిన కార్డు ఉంటే పట్టుకెళ్లండి, పది రోజులు దాన్ని గమనించండి. అది పూర్తి ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టర్ ఆలోచిస్తారు. పిల్లి ఎలా ఉంటుందో చూసి అప్పుడు మొదలుపెడదాం అనడం మాత్రం తప్పు.

మాత్రలతో ఇంటికి పంపిస్తే, బయల్దేరే ముందే ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీయించుకుని పక్కన టైమ్ రాయించుకోండి. 24 గంటల్లో మళ్లీ చూపించుకోవాలి. ఆలోపే ఎరుపు గీత దాటినా, చెయ్యి పైకి ఎర్రటి చార పాకినా, చలిజ్వరం వచ్చినా, వేలు ఇంకా వంగిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. షుగర్ ఉన్నా, ప్లీహం తీసేసి ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా ఆ మాట మొదటే చెప్పండి. అలాంటివాళ్లను మేం చాలాసార్లు అడ్మిట్ చేసుకునే చికిత్స మొదలుపెడతాం.