అది అయిదో గ్లాసు కాదు, రేపటి మొదటి గ్లాసు

ప్రశ్న: నా జీతం నెలకు 62,000 రూపాయలు, ఇంటి ఖర్చు 50,000. సేవింగ్స్ ఖాతాలో 3 లక్షలు ఊరికే పడి ఉన్నాయి. మొదటి గ్లాసు నీళ్లకు కలిగే తృప్తి అయిదో గ్లాసుకు ఉండదని ఇంటర్‌లో చదువుకున్నాం. జీతంతో ఇల్లు గడిచిపోతోంది కాబట్టి ఆ 3 లక్షలు నాకు అయిదో గ్లాసులాంటివే. అందులో 2.4 లక్షలకు పర్సనల్ లోన్ మరో 2 లక్షలు కలిపి స్నేహితుడు చెప్పిన షేరులో పెడదామనుకుంటున్నాను. వస్తే రెట్టింపు, లేకపోతే మొత్తం పోతుంది. అవకాశాలు చెరి సగం. పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. పాఠం మీకు బాగానే గుర్తుంది, దాని కింద రాసిన షరతులే మరిచిపోయారు. ఆ గ్లాసుల పాఠం పేరు క్షీణోపాంత ప్రయోజన సూత్రం, అది ఒకే మనిషి ఒకే వస్తువును మధ్యలో విరామం లేకుండా వాడుతున్నప్పుడే వర్తిస్తుంది. ఎండలో నడిచి వచ్చి గ్లాసు తర్వాత గ్లాసు తాగితే అయిదోది వెగటు పుట్టిస్తుంది. ఆ అయిదో గ్లాసునే కుండలో పోసి ఉంచి, కుళాయి రాని రేపు మధ్యాహ్నం తాగితే అది మళ్లీ మొదటి గ్లాసే అవుతుంది. జీతం వస్తున్నన్నాళ్లూ అత్యవసర నిధి దండగగానే కనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

జీతం ఆగిందనుకుని లెక్క వేద్దాం. మీ 3 లక్షలు ఆరు నెలల ఖర్చు, అంటే ఒక్కొక్కటి 50,000 చొప్పున ఆరు గ్లాసులు. ప్రతి గ్లాసు గురించీ ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది లేకపోతే ఆ రోజు ఏం చేస్తాను? మొదటిది లేకపోతే అద్దెకూ బియ్యానికీ ఎవరినో అడగాలి, లేదా క్రెడిట్ కార్డు మీద నగదు తీయాలి. మూడోది లేకపోతే చేతికొచ్చిన ఏదో ఒక ఉద్యోగానికి తల ఊపాలి. ఆరోది లేకపోతే, అప్పటికే కొత్త ఉద్యోగం దొరికి ఉండవచ్చు కాబట్టి, ఇబ్బంది కొంత తక్కువ. అన్నీ 50,000లే అయినా విలువ ఒకటి కాదు. మీరు పందెంలో పెట్టబోతున్నది చివరి గ్లాసు ఒక్కటే అయితే ఇంత చిరాకు పడేవాణ్ణి కాదు. 2.4 లక్షలు పోతే మిగిలేది 60,000, అంటే ఒక గ్లాసూ కాస్త తడీ.

ఇక చెరి సగం సంగతి. గెలిచినా ఓడినా మొత్తం ఒకటే కాబట్టి సరిసమానమైన పందెం అనుకుంటున్నారు. కాదని 1738లోనే స్విస్ గణిత శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ చూపించాడు. చేతిలో ఉన్నది ఎంత తక్కువైతే అదనపు రూపాయికి అంత విలువ ఉంటుందని ఆయన లెక్క. దాని ప్రకారం, అవకాశాలు చెరి సగమైనప్పుడు, రెండు ఫలితాలను గుణించి వర్గమూలం తీస్తే పందెం అసలు విలువ తెలుస్తుంది. అప్పు లేకుండా చూసినా మీకు మిగిలేది 5.4 లక్షలు లేదా 0.6 లక్ష. గుణిస్తే 3.24, వర్గమూలం 1.8. చేతిలో ఉన్న 3 లక్షలను నికరంగా 1.8 లక్షల విలువ చేసే వస్తువుకు మార్చుకుంటున్నారన్నమాట. షేరు ధర కదలకముందే 1.2 లక్షలు పోయినట్టే. మనిషి స్వభావాన్ని బట్టి ఈ అంకె కొంత మారవచ్చు గానీ, అత్యవసర నిధితో ఆడే చెరి సగం పందెం లాభంలోకి రాదు.

అప్పు కలిపితే ఆ లెక్క కూడా నడవదు. ఓడితే మీ నికర ఆస్తి సున్నాకు 1.4 లక్షల దిగువన ఉంటుంది, రుణ సంఖ్యకు వర్గమూలం ఎక్కడిది? 15 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ తీసుకుంటే నెలకు దాదాపు 6,930 కిస్తీ. ఇంటి ఖర్చు 57,000కు చేరుతుంది, జీతం ఆగితే మిగిలిన ఆ 60,000 ఒక్క నెలలో దాదాపు అయిపోతుంది. అంటే దాహం పెరిగిన రోజే కుండ ఖాళీ అవుతుంది. అప్పు చేసి షేర్లు కొనమన్న స్నేహితుడు ఆ కిస్తీ కడతాడేమో ముందు అడిగి చూడండి.

3 లక్షలను కదపవద్దు. వడ్డీ తక్కువని బాధగా ఉంటే సగం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి, అవసరమైన రోజున విరవగలిగేలా ఉంటే చాలు. మీ మీద ఆధారపడ్డవారు ఉండి టర్మ్ బీమా లేకపోతే ముందు అది తీసుకోండి. మీ దగ్గర నిజంగా అయిదో గ్లాసు అనదగ్గది నెలనెలా జీతంలో మిగిలే 12,000. కుండ నిండే ఉంది కాబట్టి బీమా ప్రీమియం పోను మిగిలింది ఇండెక్స్ ఫండ్‌లో పెడతారో, ఆ షేరులోనే పెడతారో మీ ఇష్టం. పోతే ఒక నెల మిగులు పోతుంది, అద్దె ఆగదు.